ఐమ్యాప్ మెయిల్: ఫోన్ అడగాలా, సర్వర్ చెప్పాలా?

మెయిల్ యాప్ సెట్టింగుల్లో "ప్రతి 15 నిమిషాలకు" అనీ "పుష్" అనీ రెండు దారులు కనిపిస్తాయి. మొదటిది, అంటే ఫోనే అప్పుడప్పుడు సర్వర్‌ని అడిగే పోలింగ్, బ్యాటరీకి మంచిదనీ, రెండోది, సర్వరే చెప్పే పుష్, వేగమైనదే కానీ బ్యాటరీ తినేస్తుందనీ చాలామంది లెక్క. ఈ లెక్క సగం సార్లు తప్పుతుంది. పుష్ పెట్టుకున్నవాళ్లకు పోలింగ్ కన్నా తక్కువ ఖర్చయ్యే నెట్‌వర్కులున్నాయి, రెట్టింపు కన్నా ఎక్కువ ఖర్చయ్యేవీ ఉన్నాయి. మీది ఏ కోవలోకి వస్తుందో ఒక గంటలో తేల్చుకోవచ్చు. కావలసినవి ఒక ల్యాప్‌టాప్, ఫోన్ హాట్‌స్పాట్, మెయిల్ పంపడానికి ఇంకో ఖాతా.

ముందు బ్యాటరీ ఎక్కడ ఖర్చవుతుందో చూడాలి. ఇన్‌బాక్సులో కొత్తదేమైనా వచ్చిందా అని అడగడానికి పట్టే డేటా చాలా కొంచెం, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ఖర్చంతా మొబైల్ రేడియోను నిద్ర లేపడంలో ఉంది. ఒక్క చిన్న ప్యాకెట్ కోసం లేచినా, పని అయిన వెంటనే రేడియో పడుకోదు. ఇంకేమైనా వస్తుందేమోనని కొన్ని సెకన్లు పూర్తి మెలకువతో ఉంటుంది. ఎంతసేపన్నది నెట్‌వర్క్ నిర్ణయిస్తుంది. 4జీలో పది సెకన్ల దగ్గర ఉండడం మామూలే కాబట్టి కింది లెక్కలన్నిటికీ పదే పట్టుకుందాం. అందుకని లెక్కపెట్టాల్సింది రోజుకి రేడియో ఎన్నిసార్లు లేచిందన్నదే, ఎన్ని కిలోబైట్లు వచ్చాయన్నది కాదు. వైఫైలో ఈ మెలకువ చాలా చవక. ఈ గొడవంతా ప్రధానంగా మొబైల్ డేటా మీద ఉన్నప్పటిది.

1. సర్వర్‌కి IDLE వచ్చా అని అడగండి

మెయిల్ యాప్ సర్వర్‌తో మాట్లాడే భాష ఐమ్యాప్. అందులో పుష్ అంటే IDLE అనే ఆదేశం. 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2177 అనే ప్రమాణం దీన్ని నిర్వచించింది. యాప్ ఒక ఫోల్డర్ తెరిచి, IDLE అని చెప్పి, కనెక్షన్ వదలకుండా మౌనంగా కూర్చుంటుంది. మెయిల్ రాగానే సర్వరే మాట్లాడుతుంది. దీన్ని మీ కళ్లతో చూడడమే మొదటి పని. ఫోన్‌లో వైఫై ఆపి, హాట్‌స్పాట్ పెట్టి, ల్యాప్‌టాప్‌ని దానికి కలపండి. అప్పుడు మీ పరీక్ష కూడా మొబైల్ నెట్‌వర్క్ మీదుగానే వెళ్తుంది. సర్వర్ పేరు మీది వేసుకుని ల్యాప్‌టాప్ టెర్మినల్‌లో ఇలా మొదలుపెట్టండి:

```
openssl s_client -connect imap.example.com:993 -crlf -quiet
```

`-crlf` లేకపోతే కొన్ని సర్వర్లు మీ వరుస ముగిసిందని గుర్తించక అలాగే ఉండిపోతాయి. `-quiet` లేకపోతే పెద్ద R తోనో Q తోనో మొదలైన వరుసని ఓపెన్‌ఎస్ఎస్ఎల్ తనకిచ్చిన ఆదేశంగా తీసుకుంటుంది. సర్వర్ `* OK` అని పలకరించాక ఒక్కో వరుసే టైప్ చేయండి, జవాబు వచ్చాకే తర్వాతిది:

```
a1 LOGIN "user@example.com" "password"
a2 CAPABILITY
a3 SELECT INBOX
a4 IDLE
```

పాస్‌వర్డ్ తెర మీద కనబడుతుంది, పక్కన ఎవరున్నారో చూసుకోండి. రెండంచెల ధ్రువీకరణ ఉన్న ఖాతాల్లో మామూలు పాస్‌వర్డ్‌ని సర్వర్ తిప్పికొట్టవచ్చు. అలాంటప్పుడు ఆ సేవ ఇచ్చే యాప్ పాస్‌వర్డ్ ఉంటే అది వాడాలి.

`a2` జవాబులో IDLE అన్న మాట లేకపోతే మీ ప్రశ్న ఇక్కడితో తీరిపోయింది, ఆ సర్వర్‌తో నేరుగా పోలింగే గతి. ఉంటే `a4` తర్వాత ప్లస్ గుర్తుతో మొదలయ్యే ఒక వరుస వచ్చి, తర్వాత అంతా నిశ్శబ్దం. ఇప్పుడు ఇంకో ఖాతా నుంచి ఒక మెయిల్ పంపండి. తెర మీద ఇలా పడుతుంది:

```
* 24 EXISTS
```

ఇన్‌బాక్సులో ఇప్పుడు 24 ఉత్తరాలున్నాయని దాని అర్థం. సర్వర్ చెప్పేది ఇంతే. ఎవరు పంపారో, విషయమేమిటో చెప్పదు. యాప్ అప్పుడు `DONE` అని IDLE నుంచి బయటికొచ్చి, కొత్తదాన్ని తెచ్చుకుని, మళ్లీ IDLE లోకి వెళ్తుంది. మీరు మాత్రం `DONE` కొట్టకుండా అలాగే ఉంచండి.

2. మౌనం ఎంతసేపు నిలుస్తుందో కొలవండి

అసలు కిటుకంతా ఈ అంచెలోనే ఉంది, తొందరపడకండి.

ప్రమాణం ప్రకారం యాప్ కనీసం 29 నిమిషాలకోసారి IDLE ని ముగించి మళ్లీ మొదలుపెట్టాలి. 30 నిమిషాలు ఉలుకూ పలుకూ లేని యాప్‌ని బయటికి పంపే హక్కు సర్వర్‌కి ఉంది కాబట్టి ఆ నిబంధన. కానీ ఫోన్‌కీ సర్వర్‌కీ మధ్య మొబైల్ కంపెనీ న్యాట్, అంటే చాలా ఫోన్లని ఒకే చిరునామా వెనక నడిపే ఏర్పాటు, ఉంటుంది. ఏ కనెక్షన్ ఎవరిదో అది ఒక పట్టికలో రాసుకుంటుంది. కొంతసేపు ఆ కనెక్షన్‌లో కదలిక లేకపోతే పట్టికలోంచి కొట్టేస్తుంది. కొట్టేసినట్టు ఇటు ఫోన్‌కీ చెప్పదు, అటు సర్వర్‌కీ చెప్పదు. మెయిల్ వచ్చినప్పుడు సర్వర్ `EXISTS` అని పంపుతుంది, అది దారిలోనే పడిపోతుంది. ఫోన్ మాత్రం కనెక్షన్ బతికే ఉందనుకుంటూ కూర్చుంటుంది. ఐపీవీ6 అయితే న్యాట్ లేకపోవచ్చు కానీ ఫైర్‌వాల్ ఇదే పని చేయగలదు.

ఫోన్‌లో వేరే యాప్‌లు డేటా వాడుతున్నాయి కదా, అది సరిపోదా అని సందేహం వస్తుంది. సరిపోదు. పట్టికలో ఒక్కో కనెక్షన్‌కి ఒక్కో వరుస, దాని గడువు దానిదే.

కొలిచే పద్ధతి: IDLE లో కూర్చున్న ఆ కిటికీని ముట్టుకోకుండా 4 నిమిషాలు ఆగి మెయిల్ పంపండి. `EXISTS` వస్తే గడువు మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఈసారి 8 నిమిషాలు ఆగి పంపండి. తర్వాత 16. ఆ తర్వాత `DONE` కొట్టి, `a5 IDLE` అని మళ్లీ మొదలుపెట్టి 25, లేకపోతే 30 నిమిషాలు దాటిందని సర్వరే మిమ్మల్ని బయటికి పంపవచ్చు. ఎక్కడో ఒకచోట మెయిల్ వెబ్‌లో కనబడుతుంది, మీ కిటికీలో మాత్రం ఏమీ రాదు. ఉదాహరణకి 8 నిమిషాల మౌనం తర్వాత వచ్చింది, 16 తర్వాత రాలేదు అనుకుందాం. అంటే గడువు ఆ రెంటి మధ్యలో ఉంది. మళ్లీ కనెక్ట్ అయి 12 నిమిషాలతో ఒకసారి చూస్తే ఇంకాస్త దగ్గరికి రావచ్చు. హాట్‌స్పాట్ వల్ల మధ్యలో ఫోన్ కూడా ఒక పొర అవుతుంది, కాబట్టి వచ్చిన అంకె అసలు గడువు కన్నా తక్కువ ఉండొచ్చు. తక్కువైతే పెద్ద నష్టం లేదు, ఎక్కువ అనుకుంటేనే మెయిల్ ఆలస్యమవుతుంది.

ఈ కొలతలో ఒక మోసం ఉంది. కిటికీలో మీరేమీ చేయకుండానే మధ్యమధ్యలో ఇలాంటి వరుసలు పడుతున్నాయేమో చూడండి:

```
* OK Still here
```

డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ తన సహజ అమరికలో 2 నిమిషాలకోసారి ఇలా పలుకుతుంది. దీనివల్ల న్యాట్ గడువు ఎప్పటికీ తీరదు, మీ పరీక్షలన్నీ నెగ్గుతాయి, "మా నెట్‌వర్క్ బ్రహ్మాండం" అనుకుంటారు. కానీ ఆ పలుకు ఫోన్‌కి చేరిన ప్రతిసారీ రేడియో లేస్తుంది. రెండు నిమిషాలకోసారి అంటే రోజుకి 720 సార్లు.

3. మెలకువలు లెక్కకట్టండి

పోలింగ్‌లో ప్రతిసారీ యాప్ కొత్తగా కనెక్ట్ అవుతుంది. సర్వర్ చిరునామా వెతకడం, టీసీపీ కనెక్షన్, టీఎల్ఎస్ తాళాలు, లాగిన్, ఫోల్డర్ ఎంపిక, కొత్త ఉత్తరాల జాబితా, ఇలా ఆరేడు రాకపోకలు. వీటికి ఒక 4 సెకన్లు, తర్వాత రేడియో పడుకోవడానికి 10, మొత్తం 14 సెకన్లు అనుకుందాం. IDLE తిరిగి మొదలుపెట్టడం ఒకట్రెండు రాకపోకల పని, కనెక్షన్ ముందే ఉంది కనుక. దానికి 11 సెకన్లు వేద్దాం. రోజుకి 40 మెయిళ్లు వచ్చే ఖాతా తీసుకుందాం.

15 నిమిషాల పోలింగ్ అంటే రోజుకి 96 సార్లు, 1344 సెకన్లు, అంటే సుమారు 22 నిమిషాల రేడియో మెలకువ. ఆలస్యం సగటున ఏడున్నర నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ 15. దాన్ని 5 నిమిషాలకి తగ్గిస్తే 288 సార్లు, 67 నిమిషాలు. అరగంటకి పెంచితే 11 నిమిషాలే, ఆలస్యం సగటున పావుగంట.

ఇప్పుడు IDLE. నెట్‌వర్క్ మంచిదై 24 నిమిషాలకోసారి తాజా చేస్తే సరిపోతుందనుకుంటే రోజుకి 60 సార్లు, 11 నిమిషాలు. దానికి 40 మెయిళ్ల మెలకువలు ఒక్కోటి 12 సెకన్ల చొప్పున 8 నిమిషాలు కలపండి. మొత్తం 19. మెయిల్ సెకన్లలో వస్తుంది, ఖర్చు 15 నిమిషాల పోలింగ్ కన్నా తక్కువ. ఇక్కడ పోలింగ్ పెట్టుకోవడానికి కారణమే లేదు.

పైన కొలిచిన నెట్‌వర్క్‌లో సంగతి వేరు. 8 నిమిషాలే నమ్మదగినది కాబట్టి రోజుకి 180 సార్లు తాజా చేయాలి. 33 నిమిషాలు, మెయిళ్లతో కలిపి 41. 15 నిమిషాల పోలింగ్‌కి దాదాపు రెట్టింపు. 5 నిమిషాల పోలింగ్ కన్నా మాత్రం ఎంతో మేలు. మెయిల్ వెంటనే రావడం మీకు ముఖ్యమైతే ఈ ధర పెట్టవచ్చు, లేకపోతే 15 నిమిషాల పోలింగ్‌కి వెళ్లిపోండి. 5 నిమిషాల పోలింగ్ మాత్రం ఈ రెండు లెక్కల్లోనూ నెగ్గదు. ఆలస్యమూ ఉంటుంది, ఖర్చూ ఉంటుంది.

ఇక 2 నిమిషాలకోసారి పలికే సర్వర్ అయితే 720 మెలకువలు 11 సెకన్ల చొప్పున 132 నిమిషాలు. "పుష్ బ్యాటరీ తినేస్తుంది" అన్న పేరులో కొంత ఇలాంటి సర్వర్ల పుణ్యమే. సర్వర్ మీ చేతిలో ఉంటే డవ్‌కాట్ అమరికలో ఒక్క వరుస మారిస్తే చాలు:

```
imap_idle_notify_interval = 29 mins
```

అప్పుడు మళ్లీ రెండో అంచెకి వెళ్లి గడువు కొలవండి, ఇంతకుముందు కొలిచింది ఇక చెల్లదు.

మెయిళ్లు బాగా ఎక్కువ వచ్చే ఖాతాలో లెక్క ఇంకోలా తిరుగుతుంది. రోజుకి 300 మెయిళ్లంటే పుష్‌లో దాదాపు 300 మెలకువలు, గంట సేపు రేడియో. అరగంట పోలింగ్ అన్నిటినీ 48 విడతల్లో మూటగట్టి తెస్తుంది. ప్రకటనలూ వార్తాలేఖలూ పడే ఖాతాకి పుష్ పెట్టడం ఊరికే ఖర్చు.

4. అమర్చండి

ఆండ్రాయిడ్‌లో థండర్‌బర్డ్, కె-9 మెయిల్ లాంటి యాప్‌లు IDLE ని తామే పట్టుకుని కూర్చుంటాయి. ఫోల్డర్ అమరికలో పుష్ ఆన్ చేయండి, ఖాతా అమరికల్లో IDLE కనెక్షన్‌ని ఎంతసేపటికోసారి తాజా చేయాలన్న చోట మీరు కొలిచిన గడువు కన్నా చిన్న అంకె ఎంచుకోండి. తర్వాత ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్ పేజీకి వెళ్లి బ్యాటరీ వాడకాన్ని `Unrestricted` చేయండి. ఇది చేయకపోతే డోజ్ అడ్డుపడుతుంది. ఆండ్రాయిడ్ 6 నుంచి ఉన్న ఈ ఏర్పాటు, ఛార్జింగ్ లేకుండా, తెర ఆరి, కదలకుండా ఉన్న ఫోన్‌లో యాప్‌లకి నెట్‌వర్క్ ఆపేసి, అప్పుడప్పుడు కాసేపు తలుపు తీస్తుంది. డోజ్‌లో ఉండగా ఒక యాప్ అలారం పెట్టుకుని లేవాలన్నా 9 నిమిషాలకి ఒకసారి కన్నా ఎక్కువ లేవనివ్వదు. పోలింగ్ చేసే యాప్‌లకీ సిస్టమ్ ఒప్పుకునే కనీస ఆవర్తనం మామూలుగా 15 నిమిషాలే.

IDLE ఒక్క ఫోల్డర్‌నే చూస్తుందని మరవకండి. ఇంకో ఫోల్డర్ కూడా కావాలంటే ఇంకో కనెక్షన్, దాని మెలకువలు దానివే. సర్వర్‌లో ఫిల్టర్ పెట్టి కొన్ని మెయిళ్లని నేరుగా వేరే ఫోల్డర్‌కి పంపుతుంటే ఇన్‌బాక్స్ IDLE కి వాటి ఊసే తెలియదు. ఇన్‌బాక్స్‌కి పుష్, మిగతావాటికి గంటకోసారి పోలింగ్, చాలామందికి ఇది చాలు.

ఐఫోన్‌లో సొంత మెయిల్ యాప్ మామూలు ఐమ్యాప్ ఖాతాలకి IDLE వాడదు. `Fetch New Data` లో ఐక్లౌడ్, ఎక్స్ఛేంజ్ లాంటి కొన్ని ఖాతాలకే `Push` కనిపిస్తుంది. మిగతావాటికి 15 నిమిషాలు, 30 నిమిషాలు, గంట, చేత్తో, లేదా `Automatically`. ఈ చివరిది పేరు చూసి ఎంచుకుని మోసపోతుంటారు. అది ఛార్జింగ్‌లో ఉండి వైఫై తగిలినప్పుడే వెనక నుంచి మెయిల్ తెస్తుంది.

మెయిల్ సేవల సొంత యాప్‌లు వాడేది మూడో దారి. ఆండ్రాయిడ్‌కి గూగుల్, ఐఫోన్‌కి ఆపిల్ నడిపే నోటిఫికేషన్ వ్యవస్థకి ఫోన్‌లో ఒకే కనెక్షన్ ఉంటుంది, యాప్‌లన్నీ దాన్నే పంచుకుంటాయి. ఆ కనెక్షన్ ఎలాగూ ఉంది కనుక మీ మెయిల్‌కి అదనపు ఖర్చు మెయిల్ వచ్చినప్పటి మెలకువ ఒక్కటే. అన్నిటికన్నా చవక ఇదే. కాకపోతే మామూలు ఐమ్యాప్ సర్వర్‌కి ఆ వ్యవస్థతో మాట్లాడడం రాదు. "ఏ ఐమ్యాప్ ఖాతాకైనా పుష్ ఇస్తాం" అనే యాప్ ఉంటే, చాలావరకు ఆ కంపెనీ సర్వర్ మీ తరఫున లాగిన్ అయి IDLE లో కూర్చుంటోందని అర్థం. అంటే మీ ఖాతా తాళం వాళ్ల దగ్గర ఉంటుంది. అది మీకు సమ్మతమో కాదో ముందే తేల్చుకోండి.

5. మెయిల్ ఆలస్యమైతే ఎక్కడ ఆగిందో చూడండి

ముందు తప్పు ఫోన్‌దా అన్నది తేలాలి. ఆలస్యమైన మెయిల్ పూర్తి హెడర్లు తెరిచి అన్నిటికన్నా పైనున్న `Received:` చివరి సమయం చూడండి:

```
Tue, 14 May 2024 09:12:40 +0000
```

అది మీ సర్వర్‌కి మెయిల్ చేరిన క్షణం. `+0000` ని మీ గడియారంలోకి మార్చుకుని నోటిఫికేషన్ వచ్చిన సమయంతో పోల్చండి. భారత సమయంలోకి మార్చాక సర్వర్‌కి మధ్యాహ్నం 2:42కి చేరి, ఫోన్‌లో 3:01కి మోగిందనుకుందాం. 19 నిమిషాలు ఫోన్ వైపే పోయాయి. కింది `Received:` వరుసలకీ పైదానికీ మధ్యే పెద్ద ఎడం ఉంటే దారిలోని సర్వర్లు ఆపాయి, ఫోన్ అమరికలు ఎన్ని మార్చినా లాభం లేదు.

తప్పు ఫోన్ వైపే అయితే ఆలస్యం ఏ తీరులో ఉందో గమనించండి. మెయిళ్లు గుంపుగా, IDLE తాజా చేసే సమయానికే వచ్చి పడుతుంటే, పైగా వైఫైలో ఈ సమస్య కనబడకపోతే, న్యాట్ కనెక్షన్‌ని కొట్టేస్తోంది. తాజా చేయబోయి `DONE` పంపినప్పుడే యాప్‌కి కనెక్షన్ పోయిందని తెలుస్తుంది, అప్పుడు మళ్లీ కనెక్ట్ అయి అన్నీ ఒకేసారి తెస్తుంది. తాజా సమయం తగ్గించండి.

జేబులో ఉన్నప్పుడు వెంటనే వచ్చి, బల్ల మీద కదలకుండా పెట్టినప్పుడే ఆలస్యమై, తెర వెలిగించగానే బిలబిలమని వస్తే అది డోజ్. వైఫైలోనూ ఇలాగే జరుగుతుంది, న్యాట్‌కీ దీనికీ తేడా అక్కడే దొరుకుతుంది. రూఢి చేసుకోవాలంటే ఫోన్‌ని కేబుల్‌తో adb సాధనం ఉన్న కంప్యూటర్‌కి కలిపి, డెవలపర్ ఆప్షన్లలో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, తెర ఆర్పి కంప్యూటర్ టెర్మినల్‌లో ఇవి కొట్టండి:

```
adb shell dumpsys battery unplug
adb shell dumpsys deviceidle force-idle
```

మొదటిది ఛార్జింగ్ లేనట్టు నమ్మిస్తుంది, రెండోది బలవంతంగా డోజ్‌లోకి తోస్తుంది. ఇప్పుడు మెయిల్ పంపండి. నోటిఫికేషన్ రాకపోతే యాప్‌కి బ్యాటరీ మినహాయింపు నిజంగా అందలేదు. కొన్ని ఫోన్లలో తయారీదారు సొంతంగా పెట్టిన రెండో బ్యాటరీ జాబితా ఉంటుంది, అందులోనూ అనుమతివ్వాలి. పరీక్ష అయ్యాక వీటితో మామూలు స్థితికి తెండి. మరిచిపోతే ఛార్జర్ పెట్టినా పెట్టనట్టే ఫోన్ ప్రవర్తిస్తుంది:

```
adb shell dumpsys deviceidle unforce
adb shell dumpsys battery reset
```